బుధవారం రాత్రి, తెల్లవారితే గురువారం

ఇది మా అక్కావాళ్ళ గృహప్రవేశం నాడు జరిగింది. నేను అక్కడే ఉన్నాను. నేను చూడని సంగతులు తరవాత ఎవరివి వాళ్ళ నోటనే విని రాశాను. పేర్లు మాత్రం రాయడం లేదు.

బుధవారం సాయంత్రం, మే 7. ఆరున్నర దాటింది. రాజమహేంద్రవరం శివార్లలో కొత్త ఇంటి గుమ్మానికి బావగారు మామిడి తోరణం కడుతున్నారు. వంటవాళ్ళు అప్పుడే ఆటోలోంచి గుండిగలు దింపుతున్నారు. లోపల అక్క కొత్త గిన్నె కడిగి, పాలు పొంగించడానికి పొయ్యి పక్కన బోర్లించి పెట్టింది. ఆ రాత్రి 1.48కి ముహూర్తం.

గేటు దగ్గర మోపెడ్ ఆగింది. ఆవును తెచ్చే ఆయన. దిగకుండానే అడిగాడు.

"ఏవండీ, రేపు రాత్రికి ఆవునీ దూడనీ ఎన్నింటికి తోలుకురమ్మంటారు?"

బావగారు తోరణం వదిలేసి ఇటు తిరిగారు. "రేపు రాత్రేంటయ్యా? ఈ రాత్రే కదా!"

"పంతులుగారు నాకు గురువారం రాత్రని చెప్పారండి. అందుకే ఇటుగా వెళ్తూ ఓసారి అడిగి పోదామని వచ్చా."

ఆ మాటకి ఇంట్లో ఉన్న పదిహేనుమందిమీ బయటికొచ్చాం. మా మేనల్లుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తాడు. పంతులుగారితో మాట్లాడే బాధ్యత వాడిదే. "నేను మెసేజ్ పెట్టాను నాన్నా, ఆయన ఒప్పుకున్నారు కూడా" అంటూ ఫోన్ తీసి చూపించాడు. మూడు వారాల కిందట పంపిన సందేశం ఇది:

"నమస్కారం పంతులుగారూ. మా కొత్త ఇంటి గృహప్రవేశం మే 8న. ముహూర్తం రాత్రి 1.48. మీరే వచ్చి చేయించాలి. దయచేసి కన్ఫర్మ్ చేయండి."

దాని కింద ఆయన జవాబు: "శుభం. అలాగే బాబూ." పక్కన రెండు చేతులు జోడించిన బొమ్మ.

మొన్న సోమవారం వాడు మళ్ళీ అడిగాడు. "పంతులుగారూ, గుర్తుంది కదండీ. ఎన్నింటికి వస్తారు?" దానికి ఆయన, "రాత్రి 12 కల్లా ఉంటాను బాబూ."

అడగాల్సింది అడిగాడు, చెప్పాల్సింది ఆయన చెప్పారు. అబద్ధం ఒక్కటీ లేదు. అయినా ఇద్దరి మధ్యా ఒక రోజు తేడా వచ్చేసింది.

బావగారు లోపలికెళ్ళి, దేవుడి పటం వెనక దాచిన ముహూర్తపు చీటీ తెచ్చారు. ముహూర్తం పెట్టింది వేరే ఊళ్ళో ఉన్న సిద్ధాంతిగారు, చేయించేది ఈ పంతులుగారు. మన వైపు ఇది మామూలే. నాలుగు మూలలా పసుపు రాసిన ఆ చీటీలో, "వైశాఖ శుద్ధం, బుధవారం, ఉత్తరా నక్షత్రం, రాత్రి గం. 1.48 ని.లకు కుంభ లగ్నం" అని ఉంది.

పంచాంగంలో వారం సూర్యోదయంతో మొదలై మర్నాటి సూర్యోదయం దాకా ఉంటుంది. బుధవారం పొద్దున్న మొదలైన బుధవారం, అర్ధరాత్రి దాటినా, రెండైనా, నాలుగైనా బుధవారమే. గురువారం తెల్లవారాకే వస్తుంది. ఫోన్‌లో తేదీ మాత్రం అర్ధరాత్రి 12కే మారిపోతుంది. ఆ రోజుల్లో మా వైపు సూర్యోదయం సుమారు అయిదున్నరకి. అంటే అర్ధరాత్రి నుంచి తెల్లవారేదాకా, ఆ అయిదున్నర గంటలూ పంచాంగానికి ఒక రోజు, ఫోన్‌కి ఇంకో రోజు. గృహప్రవేశ ముహూర్తాలు తరచుగా పడేది కూడా ఆ వేళల్లోనే.

మా మేనల్లుడు చీటీ చూసి, 1.48 అంటే 12 దాటిన తరవాతే కాబట్టి 8వ తేదీ అవుతుందని లెక్క వేశాడు. గడియారం లెక్కన అది సరైనదే. కానీ సందేశం రాసేటప్పుడు తేదీ ఫోన్ లెక్కలో రాసి, 'రాత్రి' అన్న మాట చీటీలోంచి తెచ్చాడు. 'బుధవారం' వదిలేశాడు. చీటీలో ఉన్నది ఉన్నట్టు రాసినా బాగుండేది. 'మే 8 తెల్లవారుజామున 1.48' అని పూర్తిగా గడియారం లెక్కలో రాసినా బాగుండేది. అదీ ఇదీ కలిపి సగం సగం రాయడంతో వచ్చింది చిక్కంతా. అక్కడ పంతులుగారు 'మే 8' చూశారు, గురువారం అనుకున్నారు. 'రాత్రి 1.48' చూశారు, గురువారం రాత్రి అనుకున్నారు. నలభై ఏళ్ళుగా పంచాంగంతో బతుకుతున్న మనిషి ఇంకోలా అనుకోరు.

ఆయనకి ఫోన్ చేశాం. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాం. ఎత్తలేదు. మూడోసారి వాళ్ళింటికి చేస్తే ఆయన భార్య మాట్లాడారు.

"మండపేటలో పెళ్ళి చేయిస్తున్నారు నాయనా. ఫోన్ సంచీలో పెట్టేసుంటారు. మీది రేపు కదూ?"

అక్క అక్కడే గుమ్మం దగ్గర కూలబడింది. ఉత్తరా నక్షత్రం పెళ్ళిళ్ళకీ గృహప్రవేశాలకీ రెండింటికీ మంచిదే. అందువల్ల ఆ రోజు జిల్లాలో ఖాళీగా ఉన్న పురోహితుడు దొరకడం కష్టం. బావగారు తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేశారు. ఒకాయన ద్రాక్షారామంలో ఉన్నారు, ఇంకొకాయన కాకినాడలో. మరొకాయన తమ ఊళ్ళోనే ఉన్నారు గానీ, అదే రాత్రి అదే లగ్నానికి ఇంకో ఇంట్లో గృహప్రవేశం ఒప్పుకున్నారు.

మమ్మల్ని నిలబెట్టింది పంతులుగారి భార్య. ఆవిడ రెండోసారి తనే ఫోన్ చేశారు. "మా చిన్నవాడు ఇంట్లోనే ఉన్నాడు. స్మార్తం చదువుకున్నాడు. వాడు వచ్చి ముందు పనులు మొదలుపెడతాడు. పెళ్ళికొడుకు వైపు వాళ్ళ ఫోన్ నంబరు నా దగ్గరుంది, మండపంలోకే కబురు పంపిస్తాను. కంగారు పడకండి."

ఆ కబురు మండపానికి చేరేసరికి తొమ్మిదింపావు. పంతులుగారు పీటల మీద కూర్చుని ఉన్నారు. ఆ పెళ్ళికి సుముహూర్తం 10.04, ధనుర్లగ్నం. జీలకర్రా బెల్లం పెట్టించకుండా ఎలా లేస్తారు? ఆయన తరవాత నాతో చెప్పింది ఇది: "ఫోన్‌లో మీవాడి మెసేజ్ మళ్ళీ చదివానండి. ముహూర్తం బుధవారం రాత్రని మా ఆవిడ చెప్పాక చదివితే వేరేగా అర్థమైంది. ముందు చదివినప్పుడు ఆ ఊహే రాలేదు."

మరి ఆయనకి ఒక్క క్షణం కూడా అనుమానం ఎందుకు రాలేదని నేను అడిగాను. పంచాంగం తీసి చూపించారు. లగ్నం రోజుకి నాలుగు నిమిషాలు మాత్రమే ముందుకి జరుగుతుంది. బుధవారం రాత్రి 1.48కి కుంభం ఉంటే గురువారం రాత్రి 1.48కీ కుంభమే. కుంభం స్థిరలగ్నం, గృహప్రవేశానికి కావలసిందే. ఇక నక్షత్రం, గురువారం రాత్రికి హస్త వచ్చేస్తుంది. ఆయన దృష్టిలో అదీ పనికొచ్చేదే. సరిచూసుకున్నా తప్పు కనపడలేదు. ఏ అమావాస్యో, కూడని నక్షత్రమో అయి ఉంటే ఆయనే ఫోన్ చేసి అడిగేవారు. రెండు రోజులూ మంచివి కావడం వల్లే పొరపాటు మూడు వారాలు దాగి ఉండిపోయింది.

పదింముప్పావుకి ఆయన చిన్నబ్బాయి స్కూటర్ మీద వచ్చాడు. వెనక హోమకుండం తాడుతో కట్టి ఉంది. భుజాన సంచీలో దర్భలు, నవగ్రహ సమిధలు. ఇవి పంతులుగారే తెస్తారని ముందే అనుకున్నాం గనక మేం కొనలేదు. ఆ అబ్బాయికి పాతికేళ్ళుంటాయి. ఒక్క ప్రశ్న కూడా వృథాగా వెయ్యలేదు. "గోత్రం? దంపతుల పేర్లు, నక్షత్రాలు? గుమ్మం ఏ ముఖం? ఆవు వస్తోందా?" అంతే. పదకొండున్నరకి వరండాలో ముగ్గు మీద బియ్యం పోయించి గణపతి పూజ మొదలుపెట్టాడు. తరవాత పుణ్యాహవాచనం. ఆ నీళ్ళు మామిడాకుతో ఇల్లంతా చల్లించాడు.

పన్నెండు దాటింది. నా ఫోన్‌లో తేదీ మారింది. ఆవు ఇంకా రాలేదు. పంతులుగారు మండపేటలో పెళ్ళిలో మిగిలిన తంతు అవతలి వైపు పురోహితుడికి అప్పగించి పన్నెండుంపావుకి బయల్దేరారని కబురొచ్చింది. గంట దారి. పన్నెండు యాభైకి ఆవూ దూడా వచ్చాయి. ఒకటీ ఇరవైకి కారు హెడ్‌లైట్లు వీధి మలుపులో కనిపించాయి.

పంతులుగారు దిగి కాళ్ళు కడుక్కున్నారు. క్షమాపణ చెప్పబోయిన మేనల్లుడి భుజం తట్టి, "తరవాత బాబూ, ముందు ఇది" అన్నారు. అక్కని, బావగారిని ఆవు ముందు నిలబెట్టి సంకల్పం చెప్పించడం మొదలుపెట్టారు. సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి వరసగా వచ్చాయి. ఆ తరవాత ఆయన గొంతు స్పష్టంగా పలికింది: "సౌమ్యవాసరే."

సౌమ్యవాసరం అంటే బుధవారం. నా పక్కన నిలబడ్డ మేనల్లుడు చేతిలోని ఫోన్ వైపు చూశాడు. తెర మీద గురువారం అని ఉంది. వాడు ఆ తెర నాకు చూపించాడు. ఏమీ అనలేదు. ఆ రాత్రి మాకు జరిగిందంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

గోపూజ అయింది. గడపకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టారు. ముందు ఆవూ దూడా లోపలికి నడిచాయి. దూడ గడప దగ్గర మొండికేస్తే ఆవును తెచ్చినాయన దాన్ని రెండు చేతులా ఎత్తి లోపల పెట్టాడు. పంతులుగారు చేతి గడియారం చూసుకుని తల ఊపారు. బావగారు దేవుడి పటంతో, అక్క నీళ్ళ బిందెతో కుడికాలు ముందు పెట్టి గడప దాటారు. 1.48. వంటింట్లో పాలు పొంగేసరికి రెండు దాటింది.

వాస్తు పూజ, నవగ్రహ పూజ, హోమం ముగిశాక కాసేపు అందరూ ఎక్కడివాళ్ళక్కడ నడుం వాల్చారు. తెల్లవారాక సత్యనారాయణ వ్రతానికి పీటలు వేశారు. మళ్ళీ సంకల్పం. ఈసారి ఆయన "బృహస్పతివాసరే" అన్నారు. సూర్యుడు వచ్చాడు, వారం మారింది.

నాలుగు రోజుల తరవాత నేను పంతులుగారింటికి వెళ్ళాను. ఎవరిది తప్పు అని తేల్చడానికి కాదు. ఇలాంటి సందేశం ఎలా రాస్తే ఇద్దరికీ ఒకేలా అర్థమవుతుందో ఆయన్నే అడగాలనిపించింది. అరుగు మీద కూర్చోబెట్టి డైరీ తెచ్చారు. ఒప్పుకున్న కార్యక్రమాలన్నీ పెన్సిల్‌తో రాసుకున్న డైరీ అది. గురువారం పేజీలో అడుగున, "గృ.ప్ర. రాత్రి 1.48, 12 కల్లా" అని ఉంది. దాని మీద అడ్డంగా ఒక గీత. పక్క పేజీలో, బుధవారం కింద, అదే మళ్ళీ రాసి ఉంది. ఆ పేజీ పైన మండపేట పెళ్ళి.

"12 కల్లా అన్నాను చూశారా, అక్కడా దొరికిపోయాను" అన్నారాయన. "పన్నెండుకి రోజు ఉండదండి. ఇటు రోజుదీ అనుకోవచ్చు, అటు రోజుదీ అనుకోవచ్చు. ఇప్పుడు పదకొండూ నలభై అయిదు అని చెబుతున్నా. అది ఏ రోజు రాత్రో ఎవరికైనా తెలుస్తుంది."

అసలు ముహూర్తం 1.48 అయితే ఆయన పన్నెండుకి ముందే ఎందుకు రావాలి? ముహూర్తం గడప దాటడానికి, దాని ముందు పనులన్నీ అయిపోయి ఉండాలి. ఆయన వెనక నుంచి లెక్క చెప్పారు. గడప పూజకీ గోపూజకీ అరగంట. గణపతి పూజా పుణ్యాహవాచనం ముప్పావుగంట. వచ్చి కాళ్ళు కడుక్కుని, సామాను సర్దించుకుని, లేనివి తెప్పించుకోవడానికి ఇంకో అరగంట. మొత్తం గంటా ముప్పావు. దారిలో ఆలస్యమైతే సర్దుకోవడానికి పావుగంట కలుపుకుంటే రెండు గంటల ముందు రావాలి. అంటే 11.45. చాలామంది తమ సందేశంలో ముహూర్తం రాసి ఊరుకుంటారట. ఆయన వచ్చే వేళని ముహూర్తం వేళ అనుకునేవాళ్ళూ ఉన్నారట. సందేశంలో రెండు వేళలూ విడివిడిగా ఉండాలంటారు ఆయన.

కాస్త ఆలస్యమైతే ఏమవుతుందని అడిగాను. లగ్నం దాదాపు రెండు గంటలుంటుంది గానీ, సిద్ధాంతి అందులో తొమ్మిదో వంతు ఎంచి ఆ నిమిషం పెడతారు. ఆ భాగం పన్నెండు, పదమూడు నిమిషాలే. పావుగంట దాటితే లగ్నం అదే ఉన్నా, ఆయన ఎంచిన అంశ వెళ్ళిపోతుంది. 1.48 అని రాసి రెండింటికి గడప దాటితే చీటీ రాయించుకున్న ఫలమేముంది అన్నారు.

నేను నా పుస్తకంలో ఒక సందేశం రాసి ఆయనకి చూపించాను. ఆయన రెండు చోట్ల దిద్దారు. చివరికి ఇలా తేలింది:

"పంతులుగారికి నమస్కారం. మా గృహప్రవేశం బుధవారం (మే 7) రాత్రి, తెల్లవారితే గురువారం (మే 8). ముహూర్తం రాత్రి 1.48, కుంభ లగ్నం. సిద్ధాంతిగారి చీటీ ఫొటో కింద పెట్టాను. మీరు బుధవారం రాత్రి 11.45కి మా ఇంటికి రావాలని మనవి. తెల్లవారాక వ్రతం కూడా మీరే చేయించాలి. హోమకుండం, సమిధలు, దర్భలు మీరు తెస్తారు. మిగతా సామాను జాబితా పంపితే మేం కొంటాం. ఆవును మాట్లాడేది మేమే. మీరు ఏ రోజు, ఎన్నింటికి వస్తారో దయచేసి తిరిగి రాయండి."

ఆయన దిద్దిన రెండూ ఇవి. నేను మొదట "దయచేసి కన్ఫర్మ్ చేయండి" అని రాశాను. "అలా అడిగితే అలాగే అంటామండి. మీరు రాసింది అర్థమైందని కాదు, అందిందని. రోజూ వేళా మా చేత రాయించుకోండి" అని ఆ వాక్యం మార్పించారు. రెండోది చీటీ ఫొటో. మూడు వారాల కిందట మా మేనల్లుడు ఏమీ రాయకుండా ఆ పసుపు చీటీ ఫొటో ఒక్కటి పంపినా తను బుధవారమే వచ్చి ఉండేవాడినని చెప్పారు.

ఆవు సంగతి నేనే అడిగాను. ఆవును ఇంటివాళ్ళు మాట్లాడితేనే మంచిదా, పంతులుగారు మాట్లాడితేనా అని. ఆయన కాసేపు ఆలోచించారు. "ఇద్దరం మాట్లాడాలండి. ఈసారి మనల్ని కాపాడింది అదే. నేను ఒక రోజు చెప్పాను, మీరు ఇంకో రోజుకి చూస్తున్నారు. ఆ రెండూ కలిసింది అతని దగ్గరే."

ముహూర్తానికి ఒకటి రెండు రోజుల ముందు గుర్తు చేయడం ఎలాగూ అందరం చేస్తాం. మా మేనల్లుడూ చేశాడు, సోమవారం నాడే. కాని వాడు వేళ అడిగాడు, రోజు అడగలేదు. మీ ఇంట్లో ముహూర్తం అర్ధరాత్రికీ తెల్లవారడానికీ మధ్య పడితే, పంతులుగారికి ఫోన్ చేసినప్పుడు, "ఏ రోజు రాత్రి బయల్దేరుతున్నారండీ?" అని అడగండి. ఆయన వారం పేరు చెప్పేదాకా ఫోన్ పెట్టెయ్యకండి.